ఒకే ప్రశ్న, రెండు భాషలు, అవే మార్కులు: డిగ్రీ సిలబస్, ప్రశ్నపత్రాల అనువాదంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి గోదావరి డెల్టాలో ఆక్వాకల్చర్ పాఠం చెప్పే లెక్చరర్లు, పేపరు సెట్ చేసేవాళ్లు, పేపర్లు దిద్దేవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలు. ఉదాహరణలన్నీ రొయ్యల చెరువు చుట్టూనే ఉంటాయి. భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు పిల్లలకు అది ఇంటి సంగతి. అదే తరగతిలో కోనసీమ కొబ్బరితోటల నుంచి, మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన పిల్లలకు పుస్తకంలో సంగతి. ఈ తేడా అనువాదంలో ఎక్కడ అడ్డు తగులుతుందో ముందు ముందు చూస్తారు.

చదువు ఇంగ్లిష్ మీడియం అయ్యాక తెలుగు ప్రశ్నపత్రంతో పనేముంది?

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ కోర్సులు 2021–22 నుంచి ఇంగ్లిష్ మీడియంలోకి మారాయి. కానీ ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్లలు ఆ ఏడాదితో మాయమైపోలేదు కదా. ఇంగ్లిష్ మీడియం కోర్సు అయినా స్థానిక భాషలో పరీక్ష రాసే వీలు ఇవ్వాలని యూజీసీ 2023 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయాలను కోరింది. జవాబు తెలుగులో రాయనిచ్చి ప్రశ్న మాత్రం ఇంగ్లిష్‌లోనే ఇస్తే, ప్రశ్నను తెలుగు చేసుకునే పని పరీక్ష హాల్లో పిల్లవాడి నెత్తిన పడుతుంది. ఆ పని ముందే, తీరిగ్గా, ఒక్కసారి మనం చేసిపెడితే అందరికీ ఒకే ప్రశ్న అందుతుంది.

ముందు ప్రశ్నలా, సిలబసా?

సిలబసే. పేపరు వచ్చాక మాటలు వెతుక్కుంటే ఒక్కో సెట్టర్ ఒక్కో మాట వేస్తాడు. బయోమాస్‌కు ఒకరు జీవద్రవ్యరాశి అంటారు, ఇంకొకరు జీవరాశి అంటారు, మూడోవారు బయోమాస్ అనే ఉంచేస్తారు. ఏడాదంతా ఒక మాట విన్న పిల్లవాడికి పరీక్షలో ఇంకో మాట కనిపిస్తే, ఆ కష్టానికీ సబ్జెక్టుకూ సంబంధం ఉండదు.

సిలబస్ తెలుగు చేసేటప్పుడు మాటల కన్నా హద్దులు ముఖ్యం. ఇంగ్లిష్ సిలబస్‌లో ‘చెరువు ఆక్సిజన్ జమాఖర్చులో వృక్షప్లవకాల పాత్ర’ అని ఉన్నదాన్ని, పొడుగ్గా ఉందని, ‘చెరువులోని వృక్షప్లవకాలు’ అని కుదించారనుకోండి. వాటి రకాలు, వర్గీకరణ, పునరుత్పత్తి అన్నీ దాని కింద లోపలికి వచ్చేస్తాయి. తెలుగు సిలబస్ చూసుకుని చదివిన పిల్లవాడు రెట్టింపు చదివి, అడిగే చోట సగమే చదివి ఉంటాడు. ‘పాత్ర’, ‘పరిచయం’, ‘ప్రాథమికాంశాలు’ వంటి మాటలు అలంకారానికి పెట్టినవి కావు, లోతు ఎంతో చెప్పడానికి పెట్టినవి. వాటిని తీసేయకండి, కొత్తవి చేర్చకండి. యూనిట్‌కు ఎన్ని గంటలో ఆ సంఖ్యనూ తెలుగు సిలబస్‌లో అలాగే ఉంచండి. లోతు ఎంతో అర్థం కానప్పుడు గంటలు చూసే అంచనా వేసుకుంటారు.

సిలబస్ చివర ఒక పదాల పట్టిక పెట్టండి. ఒక్కో భావనకు ప్రశ్నలో వాడే మాట ఒకటి, జవాబులో ఒప్పుకునే మాటలు ఎన్ని ఉంటే అన్ని. ఈ రెండో వరుస పేపర్లు దిద్దేటప్పుడు అక్కరకొస్తుంది.

అచ్చ తెలుగు మాట వేయాలా, వాడుకలో ఉన్న ఇంగ్లిష్ మాటనే తెలుగు లిపిలో ఉంచాలా?

దీనికి నా జవాబు భాషాభిమానంతో ముడిపడినది కాదు. ఆ ప్రశ్న దేన్ని పరీక్షిస్తోందో చూడండి. ఆ పదం అర్థం తెలుసా అని అడిగే ప్రశ్నలో, అర్థం విప్పి చెప్పే తెలుగు మాట వేస్తే జవాబు చేతిలో పెట్టినట్టే. ‘యూరీహేలైన్ జీవులను నిర్వచించండి’ అన్న రెండు మార్కుల ప్రశ్నను ‘ఉప్పదనంలో ఎక్కువ మార్పులను తట్టుకునే జీవులను నిర్వచించండి’ అని తెలుగు చేస్తే, ప్రశ్నను తిరగరాసినవాడికి కూడా రెండు మార్కులు వేయాలి. అలాంటి చోట యూరీహేలైన్ అనే ఉంచాలి.

అర్థం తెలుసుకదా అనుకుని ముందుకు సాగే ప్రశ్నలో మాత్రం మాట ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిది. నీటి ఉప్పదనం ఫలానా అంత ఉన్నప్పుడు ఏం చేయాలో అడిగే ప్రశ్నలో ‘లవణీయత’ అన్నా ‘ఉప్పదనం’ అన్నా పోయేదేమీ లేదు. పట్టికలో ఏది ఉంటే అది వాడండి.

లెక్కలకు భాషేముంది, అంకెలు మారవు కదా?

మారేది అంకెలు కాదు, మెట్లు. ఎక్కువ మంది తేలిగ్గా తీసుకునేది ఇక్కడే కాబట్టి ఒక ప్రశ్నను చివరిదాకా చూద్దాం.

ఇంగ్లిష్ పేపరులో ఐదు మార్కుల ప్రశ్న సారాంశం ఇది: ఒక హెక్టారు చెరువులో 3,00,000 వనామీ పిల్లలను వదిలారు. శాంప్లింగ్‌లో సగటు శరీర బరువు 10 గ్రాములు. బతికినవి 80 శాతం. బయోమాస్‌లో 3 శాతం చొప్పున మేత వేస్తే రోజుకు ఎంత మేత కావాలి?

చేయాల్సిన లెక్క:

```
3,00,000 × 80/100 = 2,40,000
2,40,000 × 10 g = 24,00,000 g
24,00,000 g ÷ 1000 = 2,400 kg
2,400 kg × 3/100 = 72 kg
```

స్కీమ్‌లో బతికిన రొయ్యల సంఖ్యకు 1, బయోమాస్ అంటే సంఖ్యను సగటు బరువుతో గుణించడమని పట్టుకున్నందుకు 1, గ్రాములను కిలోలు చేసినందుకు 1, మూడు శాతం తీసినందుకు 1, ప్రమాణంతో సహా చివరి జవాబుకు 1.

ఇప్పుడు ఒక అనువాదకుడు పిల్లలకు తేలిగ్గా ఉంటుందని ‘బయోమాస్‌లో 3 శాతం’ అన్నదాన్ని ‘బతికి ఉన్న రొయ్యలన్నిటి మొత్తం బరువులో 3 శాతం’ అని రాశాడు. వాక్యం చక్కగా ఉంది, తప్పు లేదు. కానీ బయోమాస్ అంటే ఏమిటో తెలిసి ఉండాలన్న రెండో మెట్టు ప్రశ్నలోనే తీరిపోయింది. బతికినవాటినే లెక్కలోకి తీసుకోవాలన్న మొదటి మెట్టులో సగం కూడా చెప్పేసినట్టయింది. తెలుగులో రాసే పిల్లవాడికి రెండు మార్కుల దాకా ఉచితం.

ఇంకొకాయన భీమవరం పక్క ఊరివాడు. ఈ ప్రాంతానికి తగ్గట్టు ఉండాలని ‘సగటు శరీర బరువు 10 గ్రాములు’ తీసేసి ‘100 కౌంట్’ అని పెట్టాడు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 10 గ్రాముల రొయ్యలు కిలోకు వంద తూగుతాయి కాబట్టి ఇదీ తప్పు కాదు. కానీ ఇప్పుడు 2,40,000ను వందతో భాగిస్తే నేరుగా 2,400 కిలోలు వస్తుంది. గ్రాములను కిలోలు చేసే మెట్టు ఎగిరిపోయింది, దానికున్న మార్కు ఎవరికి ఎందుకు వేయాలో దిద్దేవాడికి తెలియదు. పైగా అమ్మకాల కాటా దగ్గర పెరిగిన పిల్లవాడికి కౌంట్ నోటి మాట, మెట్ట నుంచి వచ్చిన పిల్లకు అది కొత్త మాట. ఇంగ్లిష్ పేపరులో ఈ తేడా అసలు లేదు. స్థానికత చేర్చాలనుకుంటే రెండు భాషల్లోనూ చేర్చి స్కీమ్ మార్చాలి. ఒక్క తెలుగులోనే చేర్చితే అది వేరే ప్రశ్న. హెక్టార్లను ఎకరాలు చేయడం కూడా ఇలాంటిదే. ఈ ప్రశ్నలో విస్తీర్ణం లెక్కకు అవసరమే లేదు. 2.47 ఎకరాలు అని దశాంశంతో పెడితే పిల్లవాడు దాన్ని ఎక్కడో ఒకచోట వాడాలని చూస్తాడు.

నేను ఒప్పుకునే తెలుగు రూపం ఇలా ఉంటుంది: ‘ఒక హెక్టారు చెరువులో 3,00,000 వనామీ పిల్లలను వదిలారు. శాంప్లింగ్‌లో సగటు శరీర బరువు 10 గ్రాములని, బతికినవి 80 శాతమని తేలింది. రోజుకు బయోమాస్‌లో 3 శాతం మేత వేయాలి. రోజుకు కావలసిన మేతను కిలోగ్రాముల్లో లెక్కించండి.’ ఇంగ్లిష్‌లో ఒకే వాక్యంగా ఉన్నదాన్ని నాలుగు చేశాం. వాక్యాలు విడగొట్టడం తప్పు కాదు, తెలుగులో అలాగే చదువుకోవడానికి వీలు. పనిని విడగొట్టకూడదు. (అ) బతికినవెన్ని, (ఆ) బయోమాస్ ఎంత అని చిన్న ప్రశ్నలు చేస్తే దారి చూపించినట్టే. ‘కిలోగ్రాముల్లో’ అన్న మాట ఇంగ్లిష్ ప్రశ్నలో ఉందా లేదా కూడా చూసుకోండి. లేకపోతే రెండిటిలోనూ చేర్చండి, లేదా రెండిటిలోనూ వదిలేయండి.

‘వివరించండి’, ‘చర్చించండి’ దాదాపు ఒకటేగా?

కాదు. మన తెలుగు పేపర్లకు ఉన్న పెద్ద జబ్బు ఇదే. ఇంగ్లిష్‌లో డిఫైన్, స్టేట్, ఎక్స్‌ప్లెయిన్, డిస్కస్, జస్టిఫై అని వేర్వేరుగా ఉన్నవన్నీ తెలుగులోకి వచ్చేసరికి ‘వివరించండి’ లేదా ‘గురించి రాయండి’ అయిపోతాయి. ఒక పది మార్కుల ప్రశ్న చూడండి: ‘ఒక రైతు అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా మాత్రమే ఏరియేటర్లు తిప్పుతున్నాడు. ఈ పద్ధతి సరైనదేనా? కారణాలతో మీ నిర్ణయాన్ని సమర్థించండి.’ దీని తెలుగు రూపంగా నేను చూసినది: ‘రొయ్యల చెరువులో ఏరియేటర్ల ఉపయోగాలు వివరించండి.’

స్కీమ్ ఇంగ్లిష్ ప్రశ్న ప్రకారమే ఉంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి శ్వాసక్రియ మాత్రం సాగుతుంది కాబట్టి తెల్లవారుజాముకు ఆక్సిజన్ అడుగంటుతుందన్నందుకు 3. ఎండ కాసే మధ్యాహ్నం పై పొరలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నా అడుగు పొరకు చేరదని, రొయ్య ఉండేది అడుగునేనని, నీరు కలియబెట్టడానికి పగలు కూడా కొంతసేపు తిప్పాలన్నందుకు 3. మబ్బు పట్టిన రోజుల్లో, పంట ముదిరి బయోమాస్ పెరిగాక అర్ధరాత్రి దాకా ఆగడం ప్రమాదమన్నందుకు 2. ఇవన్నీ తూచి ఒక నిర్ణయం చెప్పినందుకు 2.

‘ఉపయోగాలు’ అడిగిన తెలుగు విద్యార్థి పుస్తకంలోని ఆరు ఉపయోగాలు వరుసగా రాస్తాడు. అది తేలిక పని. కానీ దిద్దేవాడు ఈ స్కీమ్ ముందు పెట్టుకుంటే అతనికి మూడు నాలుగు మార్కులకు మించి రావు. ప్రశ్న తేలికైంది, మార్కులు తగ్గాయి. తెలుగులో రాసేవాళ్లు పైపైన రాస్తారని స్టాఫ్‌రూముల్లో వినిపించే మాటకు సగం కారణం ఇలాంటి ప్రశ్నలేనని నా అభిప్రాయం.

చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. క్రియల పట్టిక ఒకటి రాసుకుని అందరూ అదే వాడాలి. నిర్వచించండి అంటే నిర్వచనం ఒక్కటే. పేర్కొనండి అంటే పేర్లు చాలు, కారణాలు అక్కర్లేదు. వివరించండి అంటే ఎలా, ఎందుకు చెప్పాలి. చర్చించండి అంటే అటూ ఇటూ రెండు పక్కలూ రావాలి. సమర్థించండి అంటే ఒక పక్షం పట్టి కారణాలు చూపాలి. ‘తెలపండి’ అన్న మాటను నేను పట్టికలోంచి తీసేయమంటాను. అది స్టేట్‌కూ ఎక్స్‌ప్లెయిన్‌కూ రెండిటికీ సరిపోతుంది, అంటే దేనికీ సరిపోదు. ఈ పట్టిక పరీక్షల విభాగం బీరువాలో ఉంటే లాభం లేదు. సెమిస్టర్ మొదట్లోనే పిల్లలకు ఇచ్చి, ఇంటర్నల్ పరీక్షల్లో అవే మాటలు వాడాలి.

ఖాళీలు పూరించేవి, బహుళైచ్ఛిక ప్రశ్నల్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఏమిటి?

ఇంగ్లిష్‌లో ఖాళీ చాలాసార్లు వాక్యం చివర వస్తుంది. తెలుగులో క్రియ చివర ఉంటుంది కాబట్టి ఖాళీ మధ్యలోకి జరుగుతుంది, దాని తర్వాత ఒక విభక్తి తగులుకుంటుంది. అక్కడే జవాబు బయటపడుతుంది.

‘చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్ ______న అతి తక్కువగా ఉంటుంది’ అని ఇచ్చి, మధ్యాహ్నం, సాయంత్రం, తెల్లవారుజాము, ఉదయం అని నాలుగు ఐచ్ఛికాలు ఇచ్చారనుకోండి. ఆ ‘న’ ఉన్నదున్నట్టు అతికేది తెల్లవారుజాముకు ఒక్కదానికే. మిగతావి మధ్యాహ్నాన, సాయంత్రాన, ఉదయాన అని మారాలి. ఆక్సిజన్ సంగతి ఏమీ తెలియకపోయినా తెలుగు తెలిసినవాడు టిక్కు పెట్టేస్తాడు. విభక్తిని ఖాళీలోకే పంపి ఐచ్ఛికాలను ‘మధ్యాహ్నం పూట’, ‘తెల్లవారుజామున’ అని పూర్తి రూపంలో ఇస్తే సరి. లేదా ‘ఎప్పుడు అతి తక్కువగా ఉంటుంది?’ అని నేరుగా అడగొచ్చు. నేనైతే ఖాళీలు మానేసి ఇలా అడగడమే మేలంటాను. ఖాళీ తర్వాత క్రియలో ‘-డు’, ‘-రు’, ‘-ది’ వచ్చినా ఇదే ప్రమాదం. అడుగుతున్నది మనిషినా, బృందాన్నా, వస్తువునా అన్నది తెలిసిపోతుంది.

‘కింది వాటిలో సరికానిది’ లాంటి ప్రశ్నల్లో ఇంగ్లిష్‌లో నాట్‌ను పెద్ద అక్షరాల్లో వేస్తారు. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు లేవు, ‘సరైనది’, ‘సరికానిది’ చూపుకు దగ్గరగా ఉంటాయి. ఆ మాట కింద గీత గీసి, బోల్డ్‌లో పెట్టండి.

‘200 పదాలకు మించకుండా’ అన్న సూచనను అలాగే తెలుగు చేయొచ్చా?

వద్దు. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు మాటకే అంటుకుంటాయి కాబట్టి అదే విషయం తక్కువ పదాల్లో పడుతుంది. ‘చెరువులోకి’ ఒక మాట, ఇంగ్లిష్‌లో అది మూడు. 200 పదాలు అలాగే ఉంచితే తెలుగులో రాసేవాడి నుంచి ఎక్కువ విషయం అడిగినట్టు. నమూనా జవాబును రెండు భాషల్లోనూ చేత్తో రాసి, ఎంత వచ్చిందో చూసి, ‘ఒక పేజీకి మించకుండా’ అనో ‘20 పంక్తులకు మించకుండా’ అనో రెండిటికీ ఒకే రకం హద్దు పెట్టండి. పంక్తులకు అలవాటు పడినవాళ్లం, ఎవరికీ కొత్తగా ఉండదు.

వాల్యుయేషన్ స్కీమ్ కూడా తెలుగు చేయాలా? దిద్దేవాళ్లకు ఇంగ్లిష్ వచ్చు కదా.

వచ్చు. అయినా చేయాలి. ఇంగ్లిష్ స్కీమ్‌లో కీలకపదాలు ఉంటాయి, తెలుగు జవాబులో అవి ఏ రూపంలో వస్తే ఒప్పుకోవాలో దిద్దేవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు తేల్చుకుంటారు. పిల్లవాడు ‘ఎఫ్.సి.ఆర్.’ అన్నా, ‘మేత మార్పిడి నిష్పత్తి’ అన్నా, ‘కిలో రొయ్యకు పట్టిన మేత’ అన్నా భావం ఒకటే. మూడిటికీ మార్కు ఉందని స్కీమ్‌లో రాసి ఉండాలి. సిలబస్ పట్టికలోని రెండో వరుసను ఇక్కడికి తెచ్చి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఒత్తు తప్పినా, దీర్ఘం పోయినా మార్కు కోయకూడదని కూడా రాయండి. ఇంగ్లిష్ జవాబులో స్పెల్లింగ్‌ను చూసీ చూడనట్టు పోయి, తెలుగులో మాత్రం ఎర్ర సిరా వాడే వాళ్లు మనలో ఉన్నారు.

బ్యాక్ ట్రాన్స్‌లేషన్ చేయిస్తే సరిపోదా?

ఇంగ్లిష్ పేపరు చూడని మనిషి తెలుగును మళ్లీ ఇంగ్లిష్ చేస్తాడు, రెండు ఇంగ్లిష్‌లనూ పోలుస్తాం. అర్థం తలకిందులైతే దీంతో దొరుకుతుంది. కానీ మేత లెక్కలో బయోమాస్‌ను విప్పి రాసిన తెలుగు రూపం తిరిగి ఇంగ్లిష్‌లోకి నిక్షేపంగా వస్తుంది, చూసేవాళ్లకు అర్థం ఒకటేననిపిస్తుంది. మెట్టు పోయిన సంగతి కనిపించదు. ఖాళీ పక్కన ‘న’ అయితే ఇంగ్లిష్‌లోకి రానే రాదు.

అంతర్జాతీయంగా పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో ఇద్దరితో విడివిడిగా అనువాదాలు చేయించి, మూడో మనిషి రెండిటినీ చూసి ఒకటి ఖాయం చేసే పద్ధతి ఉంది. మన స్థాయికి కూడా అది కుదురుతుంది. దానికి నేను ఒకటి కలుపుతాను: ఖాయం చేసిన తెలుగు పేపరును, ఇంగ్లిష్‌ది చూడని ఒక లెక్చరర్ చేత జవాబులు రాయించండి. ఇంగ్లిష్ పేపరుకు ఇంకొకరి చేత రాయించండి. రెండు జవాబులనూ ఒకే స్కీమ్‌తో దిద్దండి. స్కీమ్‌లోని ఏ మార్కైనా ఒక జవాబులో వేయడానికి చోటే లేకపోతే, ప్రశ్న మారిపోయినట్టు. పేపరు గోప్యత కోసం వీళ్లందరూ ప్యానెల్‌లోని వాళ్లే అయి ఉండాలి.

‘తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే ప్రామాణికం’ అని పేపరు మీద వేస్తే గొడవ ఉండదు కదా?

మనకు ఉండదు, పిల్లలకు ఉంటుంది. 2018 నీట్ తమిళ పేపరులో 49 ప్రశ్నల అనువాదం తప్పని కోర్టుకెళ్లారు. మద్రాస్ హైకోర్టు మదురై ధర్మాసనం ప్రశ్నకు నాలుగు చొప్పున 196 మార్కులు కలపమంది. ఆ తీర్పును సుప్రీంకోర్టు అదే ఏడాది కొట్టేసింది. పరీక్ష అయ్యాక మార్కులు కలపడంతో న్యాయం జరగదన్నది ఇక్కడ చూడాల్సిన విషయం. అన్ని తప్పు ప్రశ్నలకూ మార్కులు గుత్తగా ఇచ్చేస్తే, సరిగ్గా రాసినవాడికీ రాయనివాడికీ తేడా ఉండదు. ఇవ్వకపోతే అర్థం కాక వదిలేసినవాడు నష్టపోతాడు. ప్రామాణికం వాక్యం వేసేవాళ్లు వేసుకోవచ్చు. డిగ్రీ పరీక్షలకైతే తెలుగు రూపాన్ని నమ్మి రాసిన జవాబును తెలుగు ప్రశ్న ప్రకారమే దిద్దాలని స్కీమ్‌లో రాసిపెట్టడం మంచిది.

తెలుగు పేపరు నిజంగా సమానంగా ఉందో లేదో పరీక్ష అయ్యాక తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది. తెలుగులో రాసినవాళ్ల సగటును, ఇంగ్లిష్‌లో రాసినవాళ్ల సగటును పక్కపక్కన పెట్టి చూడటం మాత్రం పొరపాటు. ఆ రెండు గుంపుల చదువు నేపథ్యాలే వేరు కావచ్చు. అనుమానం ఉన్న ప్రశ్న మార్కులు తీసేసి మిగతా మొత్తం లెక్కించండి. దాన్ని బట్టి పిల్లలను మూడు అంతరువులుగా విడదీయండి. ఒకే అంతరువులో ఉన్న తెలుగు, ఇంగ్లిష్ విద్యార్థులకు ఆ ఒక్క ప్రశ్నలో వచ్చిన మార్కులు పోల్చండి. మూడు అంతరువుల్లోనూ తేడా ఒకే వైపు కనిపిస్తే ప్రశ్నలోనే లోపం ఉందని అనుమానించాలి. ఒక అంతరువులోనే కనిపిస్తే కాకతాళీయం కావచ్చు.

ఇది నలభై మంది ఉన్న ఒక తరగతితో తేలదు. ఒక్కో గడిలో నలుగురైదుగురు మిగిలితే ఒక్కడి మార్కులే సగటును అటూ ఇటూ లాగేస్తాయి. అదే పేపరు రాసిన నాలుగైదు కళాశాలల మార్కులు కలిపి చూడాలి.

వ్యాసరూప ప్రశ్నల్లో ఇంకో చిక్కు ఉంది. తెలుగు జవాబులన్నీ ఒకరి దగ్గరికి, ఇంగ్లిష్ జవాబులన్నీ ఇంకొకరి దగ్గరికి వెళ్తే, కనిపించిన తేడా ప్రశ్నదా, దిద్దిన చేతిదా చెప్పలేం. రెండు భాషల జవాబులూ కలిపి ప్రతి ఒక్కరికీ పంచండి. అది కుదరకపోతే కనీసం పదేసి పేపర్లు మార్చుకుని, మొదటి మార్కులు కనబడకుండా మళ్లీ దిద్దండి.

అచ్చుకు వెళ్లేముందు చివరిగా చూడాల్సింది?

డీటీపీ. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలోనే కూర్చుతారు. మనం యూనికోడ్‌లో ఇచ్చినది అందులోకి మారేటప్పుడు ఒత్తులు, గుర్తులు అటూ ఇటూ అవుతాయి. మాటలో తప్పు దొర్లితే పిల్లవాడు ఊహించుకుంటాడు. దశాంశ బిందువు పోయి 0.5 పీపీయెమ్ కాస్తా 05 అయితే ఊహించుకోలేడు. చివరి ప్రూఫును తెలుగు పండితుడితో కాదు, సబ్జెక్టు లెక్చరర్‌తో, ఇంగ్లిష్ పేపరు పక్కన పెట్టి, అంకె అంకె చదివించి సరిచూడండి.